టమోటా నారు ఎందుకు సాగిపోతుంది: గోడ నీడకూ చెట్టు నీడకూ ఉన్న తేడాను గింజతో, ట్రేతో తేల్చుకునే పద్ధతి

డిసెంబరులో ఒక పొద్దున పక్క ఊరి రైతు టమోటా నారు ట్రే ఒకటి చంకన పెట్టుకొని మా నర్సరీకి వచ్చినాడు. మాది అనంతపురానికి దగ్గర్లో చిన్న నర్సరీ. ట్రే బల్ల మీద పెట్టి, "ఏందన్నా ఇది? నీళ్లు ఎక్కువ పెట్టలేదు, యూరియా చల్లలేదు, ఎండ నిండుగా తగుల్తాంది. అయినా నారు ఇట్ల సాగిపోయిండాది," అన్నాడు.

ట్రే వైపు పక్కనుంచి చూస్తే కారణం సగం అక్కడే కనిపించింది. అంచు వరసలోని మొక్కలు పొట్టిగా, కాండం లావుగా ఉన్నాయి. లోపలికి పోయేకొద్దీ ఎత్తు పెరిగి, నడిమధ్యలో గోపురంలా లేచింది. విత్తనం ఒకటే, కొబ్బరి పొట్టు ఒకటే, నీళ్లు ఒకటే. ఆకులు ముదురు పచ్చగానే ఉన్నాయి, వెలుగు చాలక పాలిపోయినట్టు లేవు. అంటే ఆ మొక్కలు చీకటికి సాగలేదు. పక్క మొక్కలను చూసి సాగాయి.

మొక్క పక్క మొక్కను చూడటం మాటవరసకు చెప్పింది కాదు. దానికి పనిముట్టు ఉంది, పేరు ఫైటోక్రోమ్. అదెట్లా పనిచేస్తుందో మీ ఇంటి దగ్గరే రెండు పరీక్షలతో చూసుకోవచ్చు. ఒకటి గింజతో, ఇంకొకటి ట్రేతో. ముందు ఒక్క సంగతి అర్థం చేసుకుంటే రెండు పరీక్షలూ తేలికవుతాయి.

నీడలన్నీ ఒకటి కాదు

ఎండలో మన కంటికి కనిపించే ఎరుపు ఉంది. ఆ ఎరుపుకు అవతల, మన కన్ను దాదాపు పట్టలేని ఇంకొక ఎరుపు ఉంది. దాన్ని ఫార్ రెడ్ అంటారు, నేనిక్కడ దూర ఎరుపు అంటాను. మొదటిది 660 నానోమీటర్ల దగ్గర, రెండోది 730 దగ్గర. నేరుగా తగిలే పగటి వెలుగులో ఈ రెండూ ఇంచుమించు సమానం. ఎరుపు 115 పాళ్లుంటే దూర ఎరుపు 100 అనుకోండి, నిష్పత్తి 1.15.

ఇప్పుడు ఆ వెలుగు ఒక పచ్చని ఆకును దాటాలి. ఆకులోని పత్రహరితం ఎరుపును తినేస్తుంది, నూటికి ఐదు పాళ్లకు మించి బయటికి రానీయదు. దూర ఎరుపుతో దానికి పనిలేదు కాబట్టి దాదాపు 45 పాళ్లు దాటిపోతాయి. ఆకు కింద లెక్క చూడండి: ఎరుపు 6కు కాస్త తక్కువ, దూర ఎరుపు 45. నిష్పత్తి 1.15 నుంచి 0.13కు పడిపోయింది. గోడ అట్లా చేయదు. గోడ నీడలో వెలుగు మొత్తం తగ్గుతుంది గానీ, ఆకాశం నుంచి వచ్చే వెలుగులో ఎరుపు, దూర ఎరుపు పాళ్లు పెద్దగా చెదరవు. అందుకే గోడ నీడా చింతచెట్టు నీడా మనకు ఒకే చల్లదనం, గింజకూ మొక్కకూ మాత్రం రెండు వేరువేరు కబుర్లు.

ఈ కబురు చదివేదే ఫైటోక్రోమ్. అదొక ప్రొటీను, వెలుగును పట్టుకునే రంగుముక్క దానికి అంటుకొని ఉంటుంది. దానికి రెండు రూపాలు. ఎరుపు తగిలితే పనిచేసే రూపానికి మారుతుంది, దూర ఎరుపు తగిలితే పనిచేయని రూపానికి తిరిగిపోతుంది. స్విచ్చి లాంటిదే, కాకపోతే ఒక్కో కణంలో అలాంటివి లెక్కలేనన్ని. వాటిలో ఎన్ని పనిచేసే రూపంలో ఉన్నాయన్నదే మొక్కకు తెలిసే సమాచారం. ఈ అటూ ఇటూ తిరిగే గుణాన్ని 1952లో అమెరికాలోని బెల్ట్స్‌విల్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో బోర్త్‌విక్, హెండ్రిక్స్ బృందం లెట్యూస్ గింజల మీద చూపించింది. ఎరుపు, దూర ఎరుపు ఒకదాని తర్వాత ఒకటి ఎన్నిసార్లు మార్చి చూపినా, మొలవాలా వద్దా అన్నది చివర పడిన వెలుగే తేల్చింది. మనం మొదట చేసేది ఆ పరీక్షనే, మన చేలో దొరికే గింజతో.

మొదటి పరీక్ష: గంగపాయల గింజ

లెట్యూస్ గింజలు వెతుక్కోనక్కర లేదు. గంగపాయల ఆకు, కొందరు పావిలికూర అంటారు, మన వేరుశనగ చేలల్లో, తోటల్లో నేలకు పాకి ఉంటుంది. దాని కాయ చిన్న కుండలాగా ఉండి, పండితే పైన మూతలా ఊడిపోతుంది. లోపల ఆవగింజ కంటే చాలా చిన్నవి, నల్లగా మెరిసే గింజలుంటాయి. పండిన కాయలను కాగితం మీద దులిపి, నీడలో ఆరబెట్టి, కొన్ని వారాలు పొట్లంలో ఉంచండి. అప్పుడే రాలిన గింజ కొన్నిసార్లు వెలుగు చూపినా మొలవదు.

నాలుగు స్టీలు డబ్బాలు, మూత గట్టిగా పట్టేవి తీసుకోండి. ఒక్కోదాంట్లో రెండు మడతల అద్దుడు కాగితం వేసి తడిపి, 50 గింజలు ఒకదానికొకటి తగలకుండా చల్లండి. మూత పెట్టి నల్లగుడ్డ చుట్టి ఒక రాత్రి, అంటే 12 గంటలు నానబెట్టండి. ఎండు గింజలో ఫైటోక్రోమ్ కదలదు, నీళ్లు తాగాకే వెలుగుకు స్పందిస్తుంది. అట్లని రెండు మూడు రోజులు నాననీయొద్దు. ఎక్కువకాలం తడిగా చీకట్లో ఉన్న గింజ వెలుగుకు విపరీతంగా సున్నితమవుతుంది, దూర ఎరుపులోని కొద్దిపాటి ప్రభావానికే మొలిచి మీ లెక్క తప్పిస్తుంది.

పొద్దున మొదటి డబ్బాను అసలు తెరవకండి. రెండోదానికి చీకటి గదిలో పది నిమిషాలు ఎర్రటి ఎల్‌ఈడీ బల్బు చూపి మూసేయండి. మూడోదానికి పది నిమిషాలు ఎరుపు చూపి, వెంటనే రెండు లేత ఆముదపు ఆకులు ఒకదానిమీద ఒకటి డబ్బా నోటికి కప్పి, పక్కలనుంచి వెలుగు చొరబడకుండా నల్లగుడ్డతో కట్టి, అరగంట ఎండలో పెట్టండి. ఆకులు ఎరుపును దాదాపు మొత్తం ఆపేసి దూర ఎరుపును వదులుతాయి, కాబట్టి అదే మన ఫిల్టరు. నాలుగోదానికి మూడోదానికి చేసిందంతా చేసి, చివర్లో మళ్లీ పది నిమిషాలు ఎరుపు చూపండి. అన్నీ మూసి, నల్లగుడ్డ చుట్టి, ఇంట్లో ఒకే చోట ఐదు రోజులుంచి తెరిచి లెక్కపెట్టండి.

పద్ధతి సరిగ్గా జరిగితే రెండోదీ నాలుగోదీ దండిగా మొలుస్తాయి, మొదటిదాంట్లో చాలా తక్కువ మొలకలుంటాయి. మూడోది మొదటిదానికి దగ్గరగా పడిపోతుంది, సున్నాకు మాత్రం రాకపోవచ్చు. ఆకుల నుంచి వచ్చే వెలుగు కూడా కొద్దిపాటి ఫైటోక్రోమ్‌ను పనిచేసే రూపంలో ఉంచుతుంది కాబట్టి కొన్ని గింజలు తప్పించుకుంటాయి. నాలుగోది మొలవడమే అసలు సాక్ష్యం. మూడో డబ్బా గింజలు చచ్చి మొలవకపోవడం కాదు, ఆగి ఉన్నాయని అదే చెబుతుంది.

పరీక్ష చెడిపోయే చోట్లు నాలుగు నేను స్వయంగా చూశాను. మొదటిది బల్బు. పాత పోగు బల్బుకు ఎర్ర రంగు పూసి వెలిగిస్తే మన కంటికి అదీ ఎర్రగానే ఉంటుంది, కానీ దాంట్లో దూర ఎరుపు బోలెడంత. ఎల్‌ఈడీలో అది దాదాపు ఉండదు. రెండోది మొబైలు టార్చి. చీకటి డబ్బాను "ఒకసారి చూద్దాం" అని ఫోను వెలుగులో తెరిస్తే అందులోని ఎరుపుకే గింజలు మేలుకుంటాయి. మూడోది ఆలస్యం. ఎరుపు చూపాక కొన్ని గంటలు ఆగి దూర ఎరుపు చూపితే లాభం లేదు, అప్పటికే గింజలో పని మొదలైపోయి ఉంటుంది. వెంటనే ఆకు కప్పాలి. నాలుగోది మన ఎండ. మధ్యాహ్నం స్టీలు డబ్బాను బయట పెడితే గింజలు ఉడికిపోతాయి. పొద్దున ఎనిమిది లోపల కానిచ్చేయండి.

ఈ గింజ ఇట్లా ఎందుకు ఆగుతుందంటే, దాని నిల్వ చాలా చిన్నది. రెండు సెంటీమీటర్ల కింద మొలిస్తే పైకి రాలేదు. మట్టిలోకి వెలుగు కొన్ని మిల్లీమీటర్లకు మించి దిగదు కాబట్టి, వెలుగు పడటమంటే పైన ఉన్నానని అర్థం. ఎరుపు ఎక్కువున్న వెలుగైతే పైన ఏ మొక్కా లేదని కూడా అర్థం. గుంటక తోలినప్పుడు కలుపు ఒక్కసారిగా లేవడానికి ఇది ఒక కారణం: కింద తడిలో నానిన గింజలు క్షణంపాటు వెలుగు చూసి మళ్లీ మట్టిలో కలుస్తాయి, ఆ క్షణమే చాలు. చీకట్లో దున్ని కలుపు తగ్గించాలని విదేశాల్లో ప్రయత్నాలు జరిగాయి. కొన్నిచోట్ల తగ్గింది, కొన్నిచోట్ల తేడా లేదు. వెలుగు అక్కరలేని కలుపు గింజలూ ఉన్నాయి, పైనే పడి ఉండి తెల్లారగానే వెలుగు చూసే గింజలూ ఉన్నాయి. అందుకని రాత్రి సేద్యాన్ని నేను ఎవరికీ చెప్పను. వేరుశనగ సాళ్లు తొందరగా కమ్ముకుంటే కింద నేలమీదున్న గంగపాయల గింజ ఆకు నీడలో ఆగిపోతుందన్నది మాత్రం చేలో కంటికి కనిపించే నిజం.

రెండో పరీక్ష: పక్క మొక్క నీడ పడకముందే

గింజకు ఆగు అని చెప్పిన ఆ వెలుగే మొలిచిన మొక్కకు పైకి సాగు అని చెబుతుంది. ఇక్కడ చాలామంది తప్పుగా అనుకునేది ఒకటుంది. పక్క మొక్క నీడ పడ్డాకే మొక్క సాగుతుందని అనుకుంటారు. అర్జెంటీనా పరిశోధకుడు బల్యారే, తోటివాళ్లు 1990 ప్రాంతంలో చూపించింది వేరు: పక్క ఆకులు దూర ఎరుపును అడ్డంగా కూడా విసిరికొడతాయి, నీడకంటే ముందే కాండానికి ఆ కబురు చేరుతుంది.

లెక్క వేసి చూద్దాం. ఒంటరి మొక్క కాండానికి పక్కలనుంచి ఎరుపు 115, దూర ఎరుపు 100 తగులుతున్నాయనుకోండి. ఇప్పుడు ఆ పక్కల్లో సగం పచ్చటి ఆకులతో నిండింది. నేరుగా వచ్చేది సగమైంది: ఎరుపు 57.5, దూర ఎరుపు 50. మిగతా సగం ఆకుల మీద పడి తిరిగొస్తుంది, ఎరుపు నూటికి ఐదు, దూర ఎరుపు 45 చొప్పున. అంటే 2.9, 22.5. మొత్తం ఎరుపు 60, దూర ఎరుపు 72.5. నెత్తిన పూర్తి ఎండ ఉన్నా కాండం దగ్గర నిష్పత్తి 0.83. ఒకటికి కిందికి దిగిన కొద్దీ పనిచేసే ఫైటోక్రోమ్ వేగంగా తగ్గుతుంది కాబట్టి మొక్కకు ఈ కొద్ది తేడా చాలు.

ఆ తర్వాత లోపల జరిగేది క్లుప్తంగా. పనిచేసే ఫైటోక్రోమ్ ఉన్నంతసేపూ కణ కేంద్రకంలో పిఫ్ అనే ప్రొటీన్లను అణచి ఉంచుతుంది. అది తగ్గగానే పిఫ్‌లు లేచి ఆకుల్లో ఆక్సిన్ అనే పెరుగుదల హార్మోను తయారీని పెంచుతాయి. ఆక్సిన్ కాండంలోకి దిగి కణాలను పొడవుగా సాగదీస్తుంది. కాండానికి పోయినంత సరుకు వేరుకూ ఆకుకూ తగ్గుతుంది. చేతిలో పట్టుకుంటే వంగిపోయే నారు అట్లా తయారవుతుంది.

ట్రేతో చూసే పద్ధతి ఇది. 98 గుంతల ట్రేలు రెండు తీసుకోండి. ఒకదాంట్లో అన్ని గుంతల్లో, రెండోదాంట్లో చదరంగం పలకలా గుంత విడిచి గుంతలో, 49 గింజలు వేయండి. ఒకే కొబ్బరి పొట్టు, ఒకే రోజు, ఒకే బల్ల, మధ్య ఒక అడుగు ఎడం. ట్రేలో ఒక మంచి సౌకర్యముంది: ఒక్కో మొక్క వేళ్లకు గుంత విడిగా ఉంటుంది కాబట్టి, రెండు ట్రేల్లో వేళ్లకు దక్కే చోటు ఒకటే. తేడా వస్తే అది పైనుంచి వచ్చిందే.

పన్నెండో రోజు, పద్ధెనిమిదో రోజు, ఇరవై నాలుగో రోజు ప్రతి ట్రే నడిమధ్య నుంచి పది మొక్కలు కొలవండి. రెండు కొలతలు విడివిడిగా రాయాలి: పొట్టు మట్టం నుంచి బీజదళాల దాకా, అంటే మొలకెత్తగానే విచ్చుకునే మొదటి రెండు ఆకుల దాకా ఒకటి, బీజదళాల నుంచి మొదటి అసలు ఆకు దాకా రెండోది. మొత్తం ఎత్తు ఒక్కటే రాస్తే అసలు సంగతి పోతుంది. ఎందుకంటే బీజదళాల కింది ముక్క మొదటి పదిరోజుల్లోనే తన పొడవు తేల్చేసుకుంటుంది. అది పొడుగ్గా ఉంటే తప్పు మొదట్లో జరిగింది. దాని పైముక్క పొడుగ్గా ఉంటే తప్పు తర్వాత, ఆకులు కలుసుకున్నాక జరిగింది. మొక్క మీదే తేదీ రాసిపెట్టి ఉంటుంది.

మొదటి ఏడాది మా నర్సరీలో ఆ తేదీ చదవడం తెలియక నష్టపోయినాను. మొలక కోసం ట్రేలు ఒకదానిమీద ఒకటి పేర్చి ప్లాస్టిక్ కవరు కప్పి ఉంచాం. పండగ పనుల్లో పడి విప్పడం రెండు రోజులు ఆలస్యమైంది. ఆ చీకట్లో మొలకలు తెల్లగా, వేలు పొడవున సాగినాయి. తర్వాత ఎంత ఎడంగా పెట్టినా కింది ముక్క పొట్టిదవుతుందా? నేనేమో నారు కిక్కిరిసిందనుకొని ట్రేలు జరుపుతూ కూర్చున్నాను. ఇప్పుడు సగం మొలకలు తలెత్తగానే, అది రాత్రి అయినా సరే, కవరు విప్పేస్తాం.

మీ అనుమానం ఇంకా తీరకపోతే, కిక్కిరిసిన ట్రేలో వెలుగు కూడా తగ్గింది కదా అనిపిస్తే, ఒక చిన్న పరీక్ష ఉంది. ఆరు టమోటా మొలకలు విడి కప్పుల్లో పెట్టండి. మూడింటికి ఉత్తరం పక్క, నాలుగు వేళ్ల దూరంలో, ముదిరిన నారు ట్రేను పచ్చటి గోడలా ఉంచండి. మూడింటికి అదే దూరంలో, అదే ఎత్తులో బూడిద రంగు సిమెంటు ఇటుక ఉంచండి. ఉత్తరం ఎందుకంటే, మన అనంతపురంలో ఆగస్టు సగం నుంచి ఏప్రిల్ చివరి దాకా మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణానికే ఉంటాడు, ఉత్తరపు గోడ నీడ కప్పుల మీద పడదు. మే నుంచి ఆగస్టు మొదటి దాకా సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి పోతాడు కాబట్టి అప్పుడు దక్షిణం పక్క పెట్టాలి. పది రోజులకు పచ్చటి గోడ పక్క మొక్కల పైముక్క ఇటుక పక్కవాటికంటే పొడుగ్గా కనిపిస్తుంది. వెలుగు రెండింటికీ అంతే పడింది.

మార్చాల్సింది ఏది

పైముక్క సాగుతోందని తేలితే మొదట ఎడం. ఆకులు ఒకదానికొకటి తగలడం మొదలైన రోజే ట్రేల మధ్య దూరం పెంచండి. ఇది అంచు మొక్కలకే సాయపడుతుంది. నడిమి మొక్కలకు గుంత విడిచి గుంత నాటడం లేదా ఇంకా తక్కువ గుంతల ట్రే వాడటం ఒకటే దారి. ఖర్చు పెరుగుతుంది, నిజమే. అందుకే నేను అన్ని ట్రేలూ అట్లా పెట్టను, నాటు ఆలస్యమవుతుందని ముందే తెలిసిన రైతుకు మాత్రమే అట్లా పెంచి ఇస్తాను. ఇరవై నాలుగు, ఐదు రోజులకు ఎత్తుకుపోయే నారుకు నిండు ట్రే సరిపోతుంది.

తర్వాత షేడ్‌నెట్. మన దగ్గర ఎక్కువగా కనిపించే పచ్చ నెట్ పోగుల్లోని రంగు ఎరుపును కొంత మింగి దూర ఎరుపును వదులుతుంది. ఆకుల కింది వెలుగుకు కొద్దిగా నకలు అది. నల్ల నెట్ అన్నిటినీ ఒకేలా ఆపుతుంది, పాళ్లు చెదరవు. కొత్తగా కొనేవాళ్లకు నల్లది కొనమంటాను. పచ్చది ఉన్నవాళ్లు దాన్ని పారేయనక్కర లేదు, చివరి వారం పొద్దున, సాయంత్రం పక్కకు తీస్తే చాలు.

సాయంత్రం అన్నది ఇక్కడ ముఖ్యం. చీకటి పడేముందు తగిలిన ఆఖరి వెలుగు ఏ పాళ్లలో ఉందో దాన్నిబట్టే రాత్రి మొదటి గంటల్లో పనిచేసే ఫైటోక్రోమ్ ఎంతో తేలుతుంది. పడమట వేపచెట్టో కానుగచెట్టో ఉన్న నర్సరీలో రోజంతా మంచి ఎండ తగిలినా, పొద్దు వాలే వేళ ఆ ట్రేలకు ఆకుల్లోంచి వచ్చిన వెలుగే దక్కుతుంది. మీ ట్రేల్లో పడమటి బల్లమీదివే ఎక్కువ సాగుతుంటే ఒక సాయంత్రం అక్కడ కూర్చొని చూడండి. బల్లను జరిపే చోటు లేకపోతే, పూర్తిగా పొద్దు కుంకాక ఒక్క బల్లకు పది నిమిషాలు ఎర్ర ఎల్‌ఈడీ వెలిగించి, పక్క బల్లను అట్లాగే వదిలి పోల్చుకోవచ్చు.

ఇవన్నీ చేసినా ఏప్రిల్, మే నెలల్లో మన నారు చలికాలపు నారంత పొట్టిగా రాదు. పనిచేసే ఫైటోక్రోమ్ చీకట్లో తనంతట తాను కొంత తిరిగిపోతుంది, రాత్రి వెచ్చగా ఉన్నకొద్దీ ఆ తిరుగుడు వేగంగా జరుగుతుంది. ఫైటోక్రోమ్ వేడిని కూడా పసిగడుతుందని 2016లో రెండు బృందాలు చూపించాయి. కాబట్టి వేసవిలో చదరంగం ట్రే కూడా సాగితే పరీక్ష తప్పిందనుకోకండి. నిండు ట్రేకూ దానికీ ఉన్న తేడానే చూడండి. రెండు ట్రేలూ సమానంగా సాగి, ఆకులు లేతగా మెత్తగా ఉంటే మాత్రం నత్రజని, నీళ్ల వైపు వెతకండి.

ఆ రైతు తెచ్చిన ట్రేలో కింది ముక్కలు పొట్టిగానే ఉన్నాయి, పైముక్కలే సాగాయి. ఎన్నో రోజు అని అడిగితే ముప్పై రెండని చెప్పినాడు. బోరు మోటారు కాలిపోయి నాటు వారం ఆగిందంట. నారు పారేయొద్దని, టమోటా కాండం మట్టి తగిలినచోట వేరు వేస్తుంది కాబట్టి కింది ఆకులు రెండు తుంచి, బీజదళాల దాకా కాదు, ఆ పైన రెండు వేళ్లు మునిగేలా నాటమని చెప్పి పంపించినాను. నడిమధ్యవి మరీ పొడుగ్గా ఉంటే గుంత లోతుగా తవ్వకుండా సాలులో ఏటవాలుగా పడుకోబెట్టి, చివర మాత్రం పైకి వదిలి మట్టి కప్పమన్నాను.